కుండీల్లో హైడ్రోజెల్: రోహిణి కార్తె ఎండకు ఎంత వేయాలి, ఎంతవరకు పనికొస్తుంది

చంద్రపూర్, బల్లార్పూర్, రాజురా, సిరొంచ వైపు మేడ మీద మొక్కలు పెంచే మన తెలుగువాళ్లకు ఏప్రిల్ నుంచే కష్టం మొదలవుతుంది. పొద్దున నిండా నీళ్లు పోసిన కుండీలో మొక్క సాయంత్రానికి తల వాల్చేస్తుంది. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటాక రెండు పూటలా పోసినా చాలదు. అప్పుడే కృషి కేంద్రంలోనో, ఆన్‌లైన్‌లోనో ఉప్పురాళ్లలా తెల్లగా ఉండే హైడ్రోజెల్ పలుకుల పొట్లం కనబడుతుంది. తన బరువుకు 400 రెట్ల నీళ్లు పీల్చుకుంటుందని దాని మీద రాసి ఉంటుంది. ఆ లెక్క అబద్ధం కాదు. అయితే అది ఉప్పు, సున్నం ఏమీ లేని శుద్ధజలంతో వేసిన లెక్క. మీ బోరు నీళ్లతో, మట్టి బరువు కింద, ఎరువు కలిసిన కుండీలో అదే పలుకు అందులో ఎనిమిదో వంతు పట్టుకుంటే గొప్ప.

అందుకని పొట్లం మొత్తం కుండీల్లో కలిపేయకండి. ముందు రెండు కొలతలు తీసుకోండి. మీ నీళ్లలో పలుకు ఎంత ఉబ్బుతుందో చూడాలి. మీ మొక్క రోజుకు ఎన్ని నీళ్లు తాగుతుందో చూడాలి. ఈ రెండూ చేతిలో ఉంటే ఏ కుండీలో వేయాలో, దేనిలో వేస్తే డబ్బు దండగో మీకే తెలుస్తుంది.

మొదటి కొలత: మీ నీళ్లలో పలుకు ఎంత ఉబ్బుతుంది

రెండు గాజు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో అరలీటరు ఆర్వో నీళ్లు, ఇంకోదాంట్లో రోజూ మొక్కలకు పోసే నీళ్లు అరలీటరు పోయండి. ఒక్కోదాంట్లో సరిగ్గా 1 గ్రాము పలుకులు వేయండి. గ్రాము తూచడానికి వంటింటి డిజిటల్ త్రాసు సరిపోకపోతే 4 గ్రాములు తూచి, కాగితం మీద పరిచి నాలుగు సమాన భాగాలు చేయండి. రాత్రి వేసి పొద్దున చూడటం మంచిది. లావు పలుకులు పూర్తిగా ఉబ్బడానికి నాలుగైదు గంటలు పడుతుంది.

పొద్దున ఒక్కో సీసాను టీ వడపోతలో ఒంచి పది నిమిషాలు వదిలేయండి. చేత్తో నొక్కవద్దు. కిందకు దిగిన నీళ్లను కొలగ్లాసులో కొలిచి 500 నుంచి తీసేస్తే మిగిలింది పలుకు తాగిన నీరు. ఉదాహరణకు ఆర్వో సీసాలో 220 మిల్లీలీటర్లు మిగిలితే ఆ గ్రాము 280 మిల్లీలీటర్లు తాగినట్టు. బోరు నీళ్ల సీసాలో 410 మిగిలితే తాగింది 90 మాత్రమే. మీరు రోజూ పోసేది బోరు నీళ్లే అయితే మీ లెక్క 90. దాన్ని కాగితం మీద రాసిపెట్టుకోండి.

ఇంత తేడా నీళ్లలో కరిగి ఉన్న సున్నం, మెగ్నీషియం వల్ల వస్తుంది. జెల్ అంటే ఒకదానికొకటి ముడిపడిన పొడవాటి దారాల వల అనుకోండి. ఆ దారాల మీద ఉండే రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. వల విచ్చుకుంటుంది, ఆ ఖాళీలోకి నీరు చేరుతుంది. కాల్షియం, మెగ్నీషియం ఒక్కోటి రెండేసి దారాలను పట్టుకుని దగ్గరికి లాగేస్తాయి. వల ముడుచుకుని నీటిని వదిలేస్తుంది. మీ కూలర్ గడ్డి మీద, కుళాయి మూతి చుట్టూ తెల్లటి పొర పేరుకుంటోందంటే మీ నీళ్లలో ఈ రెండూ దండిగా ఉన్నాయని గుర్తు. అలాంటి చోట జెల్ మీద పెద్ద ఆశ పెట్టుకోకూడదు.

బోరు సీసాలో ఉబ్బిన ముద్దలోంచి ఒక చెంచాడు తీసి, చిటికెడు కాల్షియం నైట్రేట్ కలిపిన గ్లాసెడు నీళ్లలో వేసి గంట తర్వాత చూడండి. బాగా ముడుచుకుపోయి ఉంటుంది. తర్వాత మంచి నీళ్లలోకి మార్చినా మునుపటంత ఉబ్బదు. కాల్షియం ఒకసారి పట్టుకుంటే అంత తేలిగ్గా వదలదు. టమాట కాయ అడుగు నల్లబడకుండా కాల్షియం నైట్రేట్ క్రమం తప్పకుండా పోసేవాళ్లు, మట్టిలో జిప్సం కలిపేవాళ్లు ఆ కుండీల్లో జెల్ జోలికి పోకపోవడమే మేలు. కాయకు కాల్షియం కావాలి, జెల్‌కు అది పనికిరాదు. రెండింట్లో కాయనే ఎంచుకోవాలి.

రెండో కొలత: మొక్క రోజుకు ఎంత తాగుతుంది

పెట్టెల బరువు చూసే కొక్కెం త్రాసు ఉంటే ఇది రెండు నిమిషాల పని. సాయంత్రం కుండీకి నీళ్లు కింద కారేదాకా పోసి, అరగంట ఆగి తూచండి. మర్నాడు సాయంత్రం అదే వేళకు, నీళ్లు పోయకుండా మళ్లీ తూచండి. తగ్గిన ప్రతి కిలో ఒక లీటరు నీరు. మొక్క ఒకరోజు కూడా ఆగలేనంత పెద్దదైతే మధ్యాహ్నం పోసిన నీటిని కొలిచి ఆ తేడాకు కలపండి. ఎండల్లో పొద్దునకు, సాయంత్రానికి మధ్యే ఎక్కువ నీరు పోతుంది. రాత్రిపూట తగ్గేది తక్కువ.

ఇప్పుడు ఒక కుండీని పూర్తిగా లెక్క వేద్దాం. పది లీటర్ల పెయింట్ డబ్బా, అడుగున ఐదారు కన్నాలు, అందులో 9 లీటర్ల మిశ్రమం అనుకోండి: మట్టి 3 లీటర్లు, నానబెట్టి విడదీసిన కోకోపీట్ 3, వర్మీ కంపోస్టు 2, ఇసుక 1. లీటరు మిశ్రమానికి గ్రాము చొప్పున 9 గ్రాముల జెల్. మీ బోరు లెక్క 90 కాబట్టి విడిగా అయితే 810 మిల్లీలీటర్లు పట్టాలి. కుండీ లోపల మట్టి బరువు మీద పడుతుంది, కంపోస్టులోని లవణాలు తగులుతాయి. కనుక సగమే లెక్కలోకి తీసుకోండి. అంటే సుమారు 400 మిల్లీలీటర్లు.

ఆ డబ్బాలో కాపు మీదున్న టమాట ఉంటే మే నెలలో అది రోజుకు లీటరున్నర పైనే తాగుతుంది. అందులో ఎక్కువ భాగం పగలు ఎనిమిది గంటల్లోనే పోతుంది. గంటకు 200 మిల్లీలీటర్లు అనుకుంటే, జెల్ ఇచ్చేది మధ్యాహ్నం పూట రెండు గంటల నీరు. దానితో ఒక పూట నీళ్లు మానేయడం కుదరదు. అదే డబ్బాలో కొత్తగా నాటిన వంగ నారో, చిన్న తులసో ఉండి, రోజుకు 250 మిల్లీలీటర్లు తాగుతోందనుకోండి. అదే 400 మిల్లీలీటర్లు దానికి ఒకటిన్నర రోజు వస్తుంది. ఆదిలాబాద్‌లో పెళ్లికి వెళ్లి మర్నాడు తిరిగొచ్చేదాకా ఆ మొక్క నిలబడుతుంది.

కుండీ పెద్దదై మొక్క చిన్నదిగా ఉన్నప్పుడు, నారు కొత్తగా నాటినప్పుడు, మిశ్రమంలో ఇసుకా ఊకా ఎక్కువై నీరు నిలవనప్పుడు జెల్ నిజంగా పనిచేస్తుంది. మొక్క కుండీని మించి పెరిగాక దాని ప్రభావం పెద్దగా కనబడదు. కోకోపీట్ దండిగా ఉన్న మిశ్రమం తానే మంచి నీటి నిల్వ. మన డబ్బాలోని 9 లీటర్ల మిశ్రమం జెల్ లేకుండానే మూడు, నాలుగు లీటర్ల నీరు పట్టుకుంటుంది. దాని పక్కన జెల్ తెచ్చే 400 మిల్లీలీటర్లు పదో వంతు. అందుకే కాపు టమాటను పది లీటర్ల డబ్బా నుంచి ఇరవై లీటర్ల డబ్బాలోకి మార్చడం ఏ జెల్ కన్నా ఎక్కువ నీరు ఇస్తుంది. నల్లరేగడి మట్టి ఎక్కువగా వాడేవాళ్లకు జెల్ అసలు అక్కర్లేదు. ఆ మట్టి తానే ఉబ్బి నీటిని పట్టుకుంటుంది. దానికి కావలసింది గాలి ఆడటం.

ఏ రకం కొనాలి, ఎంత వేయాలి

పొట్లం మీద పొటాషియం పాలీఅక్రిలేట్ అనో, వ్యవసాయానికి తయారైన హైడ్రోజెల్ అనో రాసి ఉన్నది కొనండి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ తయారుచేసిన పూసా హైడ్రోజెల్ కూడా పనికొస్తుంది. అది సెల్యులోజ్ ఆధారంగా చేసింది, మన దేశపు ఎండలను దృష్టిలో పెట్టుకుని చేసింది. దాని పొట్లం మీద ఎకరానికి ఒకటి రెండు కిలోలని ఉంటే అది పొలంలో విత్తన సాలులో వేసే మోతాదు. దాన్ని కుండీకి భాగించుకుంటూ కూర్చోవద్దు.

పిల్లల డైపర్లు చించి అందులోని పొడి కలపమని చెప్పే వీడియోలు చాలా తిరుగుతున్నాయి. అది సోడియం పాలీఅక్రిలేట్. నీళ్లు పట్టుకుంటుంది, నిజమే. కానీ మన గట్టి నీళ్లలోని కాల్షియం లోపలికి వెళ్లేకొద్దీ సోడియం బయటికి వచ్చి వేళ్ల దగ్గర చేరుతుంది. ఆకు అంచులు మాడతాయి, మట్టి గడ్డకడుతుంది. అలంకారానికి అమ్మే రంగు రంగుల నీటి గోళీలు కూడా కుండీలో కలిపేవి కావు.

మోతాదు విషయంలో ఒక్కటే గట్టిగా పట్టుకోండి: కోకోపీట్ ఉన్న మామూలు మిశ్రమానికి లీటరుకు 1 గ్రాము, ఇసుక లేదా ఊక ఎక్కువున్న మిశ్రమానికి లీటరుకు 1.5 గ్రాములు. ఎలాంటి పరిస్థితిలోనూ 2 గ్రాములు దాటవద్దు. పన్నెండు అంగుళాల గ్రో బ్యాగ్‌లో 18 లీటర్ల దాకా మిశ్రమం పడుతుంది, దానికి 18 గ్రాములు. నాలుగు లీటర్ల వేలాడే కుండీకి 4 గ్రాములు, అంటే తలకొట్టిన టీ చెంచాడు. చెంచా కొలత రకాన్ని బట్టి మారుతుంది కాబట్టి మొదటిసారి ఆ చెంచాడును తూచి చూసుకోండి. చూడటానికి ఇంతేనా అనిపిస్తుంది. ఆ అనుమానంతోనే చాలామంది గుప్పెడు వేసి పాడుచేసుకుంటారు.

కొత్త కుండీలో కలిపే పద్ధతి

పలుకులను పొడిగానే కలపండి. ముందే ఉబ్బబెట్టిన ముద్ద మట్టిలో సమంగా కలవదు, గడ్డలుగా ఒకచోట చేరుతుంది. మిశ్రమం మాత్రం కాస్త పొడిగా ఉండాలి. తడిగా ఉంటే పలుకులు తాకిన చోటే అంటుకుంటాయి. కలిపేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోండి, సన్నటి పొడి ముక్కులోకి పోకూడదు.

పెయింట్ డబ్బానే తీసుకుందాం. 9 లీటర్ల మిశ్రమాన్ని మూడుగా విడదీయండి: 2 లీటర్లు, 5 లీటర్లు, 2 లీటర్లు. మొత్తం 9 గ్రాముల జెల్‌ను నడిమి 5 లీటర్లలోనే కలపాలి. ముందు ఆ 9 గ్రాములను రెండు గుప్పెళ్ల పొడి ఇసుకలో కలిపి, ఆ ఇసుకను 5 లీటర్లలో చల్లి తిరగేస్తే సమంగా పరుచుకుంటుంది. జెల్ లేని 2 లీటర్లు అడుగున వేయండి. ఏ కుండీకైనా అడుగు రెండు మూడు అంగుళాలు ఎప్పుడూ తడిగానే ఉంటుంది, అక్కడ జెల్ చేరితే వేళ్లకు గాలి అందదు. దాని మీద జెల్ కలిపిన 5 లీటర్లు, మీద మళ్లీ జెల్ లేని 2 లీటర్లు. పైన పలుకులు ఉంటే ఎండకు త్వరగా చివికిపోతాయి, తడిసినప్పుడు పైకి తేలి జిగురుగా పరుచుకుంటాయి.

డబ్బా అంచు కింద కనీసం నాలుగు సెంటీమీటర్ల ఖాళీ ఉంచండి. జెల్ ఉబ్బాక మిశ్రమం ఒకటి రెండు సెంటీమీటర్లు లేస్తుంది. నాటిన వెంటనే మొదటి తడి ఒకేసారి పోయవద్దు. ఒక లీటరు మెల్లగా పోసి గంట ఆగండి, మళ్లీ లీటరు పోసి గంట ఆగండి, మూడోసారి కింద కారేదాకా పోయండి. పలుకు ఉబ్బడానికి గంటలు కావాలి. ఒక్కసారిగా బకెట్టు కుమ్మరిస్తే నీరు దాన్ని దాటి కిందికి వెళ్లిపోతుంది. మొదటి తడికి దొరికితే ఆర్వో నీళ్లు గానీ, క్యాన్ నీళ్లు గానీ వాడండి. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లు, కూలర్ తొట్టిలో అడుగున మిగిలిన నీళ్లు మాత్రం వద్దు. రెండింట్లోనూ లవణాలు చిక్కబడి ఉంటాయి.

తర్వాత రోజూ నీళ్లు పోయడంలో కూడా ఇదే గుర్తుంచుకోవాలి. కుండీని పూర్తిగా ఎండనిచ్చి ఒక్క గుక్కలో పోస్తే జెల్ నిండదు. పొద్దున రెండు విడతలుగా, పావుగంట తేడాతో పోస్తే నిండుతుంది. డ్రిప్పు ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు.

మొక్క ఉన్న కుండీలో వేయాలంటే

మొక్కను పెకలించనక్కర్లేదు. కానీ ఇక్కడ పద్ధతి తిరగబడుతుంది, పలుకులను ముందే ఉబ్బబెట్టి వేయాలి. పొడి పలుకులు కన్నంలో పోస్తే ఒకచోటే ఉబ్బి వేళ్లను పైకి నెడతాయి. లీటరుకు అర గ్రాము చాలు. 9 లీటర్ల డబ్బాకు నాలుగున్నర గ్రాములను ఒక లీటరు మంచినీళ్లలో రాత్రి నానబెట్టండి. పొద్దున ఉబ్బిన ముద్దలో సగం గుప్పెడు ఇసుక కలపండి. కాండానికి జానెడు దూరంలో, లేదా కుండీ అంచు వారగా, వేలి మందం పుల్లతో ఆరు కన్నాలు చేయండి. ఆరేడు అంగుళాల లోతు పోవాలి. ఒక్కో కన్నంలో మూడొంతుల దాకా ముద్ద నింపి, పైన మట్టితో మూసేయండి. ముద్ద చాలానే మిగులుతుంది, బలవంతంగా కూరవద్దు, మిగతా కుండీలకు వాడండి.

నారు నాటేటప్పుడు మరో మంచి ఉపయోగం ఉంది. సన్నటి పొడి రకం జెల్ రెండు గ్రాములను అరలీటరు నీళ్లలో వేస్తే అంబలిలా అవుతుంది. నారు వేళ్లను అందులో ముంచి నాటితే, నాటిన మొదటి రెండు మూడు రోజులు వేళ్లు ఆరిపోకుండా ఉంటాయి. మిరప, వంగ నారుకు ఈ ఖర్చు దాదాపు సున్నా, ఫలితం కనబడుతుంది.

జెల్ వేసినా మొక్క వాడుతోందంటే

రోహిణి కార్తెలో, ఇక్కడివాళ్లు నౌతపా అనే ఆ రోజుల్లో, మధ్యాహ్నం మూడింటికి మొక్క వాడి కనబడితే వెంటనే నీళ్లు పోయవద్దు. వేలు రెండు కణుపులు మట్టిలోకి దింపి చూడండి. లోపల తడిగానే ఉంటే సమస్య నీటిది కాదు, వేడిది. నల్ల గ్రో బ్యాగ్ కాంక్రీటు స్లాబు మీద నేరుగా కూర్చుని ఉంటే లోపలి మట్టి 40 డిగ్రీలు దాటి వేళ్లు నీరు పీల్చడం మానేస్తాయి. జెల్ ఆ మట్టిని చల్లబరచలేదు. ఇంకా నీళ్లు పోస్తే వేడి నీళ్లలో వేళ్లు కుళ్లుతాయి. సాయంత్రం ఆరింటికి మొక్క తనంతట తానే లేచి నిలబడితే మీరు పోయకపోవడమే సరైన పని. కుండీ కింద రెండు ఇటుకలు పెట్టి స్లాబు నుంచి లేపండి, చుట్టూ తెల్ల గోనెసంచి చుట్టండి, మీద 50 శాతం షేడ్ నెట్ కట్టండి, మట్టి మీద రెండు అంగుళాల మందాన ఎండుటాకులు గానీ వరిగడ్డి గానీ పరవండి. ఇవన్నీ చేశాకే జెల్ తన వంతు పని చేస్తుంది. ఇవి లేకుండా జెల్ ఒక్కటే వేస్తే తేడా తెలియదు.

ఫలితం ఉందో లేదో నమ్మకంగా తెలియాలంటే ఒకే సైజు డబ్బాలు రెండు, ఒకే వయసు నారు రెండు పెట్టి, ఒకదాంట్లోనే జెల్ వేయండి. రెండింటికీ సమంగా పోసి, ఆపి, ఏది ఎన్ని గంటలు ముందు వాడిందో చూడండి. తేడా పూట కూడా లేకపోతే మిగతా కుండీల్లో వేయనక్కర్లేదు.

మృగశిర దాటి వానలు పడ్డాక పరిస్థితి మారిపోతుంది. ఈ ప్రాంతానికి వాన తక్కువేం కాదు. మోతాదు మించిన కుండీల్లో మట్టి పొంగి అంచు మీదికి వస్తుంది, పైన పారదర్శకమైన ముద్దలు తేలతాయి, కింది ఆకులు పసుపెక్కుతాయి. కాండం మొదలు దగ్గర మట్టి పుల్లటి వాసన వేస్తే కుళ్లు మొదలైనట్టే. పైకి తేలిన ముద్దలు తీసేసి, కుండీని వాన పడని చోటికి జరిపి, కన్నాలు పూడుకుపోయాయేమో పుల్లతో పొడిచి చూడండి. అడీనియం, కలబంద, నాగజెముడు లాంటి వాటికి మొదటి నుంచీ జెల్ వేయకూడదు, వాటి వేళ్లకు నడుమ నడుమ ఎండటం అవసరం.

స్లాబు మీద పలుకులు ఒలికితే నీళ్లతో కడగవద్దు. అవి ఉబ్బి సబ్బు కన్నా జారుడుగా మారతాయి, పెద్దవాళ్లు పడిపోతారు. పొడిగా ఉన్నప్పుడే చీపురుతో ఊడ్చేయండి. అప్పటికే తడిసి ఉంటే రాతి ఉప్పు చల్లి పది నిమిషాలు ఆగితే ముద్దలు నీరు వదిలి ముడుచుకుంటాయి, అప్పుడు ఎత్తి చెత్తబుట్టలో వేయండి. ఆ ఉప్పునీరు కుండీల వైపు పోనివ్వకండి. మోరీలో మాత్రం వేయవద్దు, గొట్టంలో ఉబ్బి అడ్డుపడుతుంది.

మిగిలిన పొట్లాన్ని బిగుతు మూత ఉన్న డబ్బాలో పోసి, పేరు రాసి, చిన్నపిల్లల చేతికి అందని అటక మీద పెట్టండి. పంచదార అనుకుని పిల్లలు నోట్లో వేసుకుంటే కడుపులో ఉబ్బి పేగుకు అడ్డుపడే ప్రమాదం ఉంది. అలా జరిగిందని అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, పొట్లం వెంట తీసుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.